పోయిన ఏడాది అంకెకు ఎనిమిది శాతం కలిపితే అది బడ్జెట్ అవుతుందా?

(ప్రైవేటు విద్యా ట్రస్టుల కరస్పాండెంట్లు, ప్రిన్సిపాళ్లు, అకౌంటెంట్ల కోసం జరిగిన శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు నుంచి రాసి పెట్టాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్లకు వినిపిస్తోందా? సరే.

ముందుగా ఒక ప్రశ్న. మీ ట్రస్టులో బడ్జెట్ ఎలా తయారవుతుంది? ఫిబ్రవరిలోనో మార్చిలోనో అకౌంటెంట్ గారు పోయిన ఏడాది ఖర్చుల పట్టిక తీస్తారు. పక్కన ఇంకో కాలమ్ గీసి, ఎనిమిదో పదో శాతం కలుపుతారు. ట్రస్టీలు అక్కడక్కడ కొంచెం తగ్గించి సంతకం పెడతారు. అంతేనా? తలలు ఊపుతున్నారు కాబట్టి అంతే అనుకుంటాను. దీన్నే ఇంక్రిమెంటల్ బడ్జెట్ అంటారు. ఇది తప్పని చెప్పడానికి నేను రాలేదు. కొన్ని ఖర్చులకు ఇదే సరైన పద్ధతి. కొన్నింటికి మాత్రం చాలా నష్టం చేస్తుంది. ఏది ఎక్కడ వాడాలన్నదే ఈ పూట మన విషయం.

లెక్క సులువుగా ఉండటానికి ఒక ట్రస్టును ఊహించుకుందాం. జిల్లా కేంద్రంలో రెండు స్కూళ్లు, చుట్టుపక్కల మండల కేంద్రాల్లో మూడు. మొత్తం నాలుగు వేల మంది పిల్లలు. ఏడాది ఖర్చు పదహారు కోట్లు. అందులో జీతాలు తొమ్మిది కోట్ల అరవై లక్షలు, బస్సులు ఇరవై. మీలో చాలామంది ట్రస్టులు ఇంచుమించు ఇదే సైజులో ఉంటాయి. ఈ సైజుకు ఉన్న ఇబ్బంది ఏమిటంటే, కరస్పాండెంట్ గారు ప్రతి బిల్లూ తనే చూసి గుర్తుపెట్టుకునే దశ దాటిపోయారు. అలాగని పెద్ద కార్పొరేట్ సంస్థల్లా బడ్జెట్‌కే ఒక విభాగం పెట్టుకునే స్తోమత ఇంకా రాలేదు. ఉన్నది ఒక సీనియర్ అకౌంటెంట్, స్కూలుకో క్లర్కు. మనం ఎంచుకునే పద్ధతి ఏదైనా ఈ ఆరుగురు మోయగలిగేదిగా ఉండాలి. ఇది గుర్తుంచుకోండి, మళ్లీ మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

మొదట జీతాలు చూద్దాం. ఖర్చులో అరవై శాతం అక్కడే ఉంది. జీతాలకు ఇంక్రిమెంటల్ పద్ధతే మంచిది. ఎందుకు? టీచర్ గారిని ప్రతి ఏడాదీ సున్నా నుంచి 'మీరు అవసరమా' అని అడగలేం. అడగకూడదు కూడా. ఉన్నవాళ్లు ఉంటారు, ఇంక్రిమెంట్ ఎంతో తెలుసు, పీఎఫ్ ఎంతో తెలుసు. అయితే పెంచాల్సింది పోయిన ఏడాది మొత్తాన్ని కాదు. పోస్టుల రిజిస్టర్‌లో ఉన్న జీతాలను పెంచాలి. ఈ తేడా చాలా ముఖ్యం. పోయిన ఏడాది మ్యాథ్స్ పోస్టు ఒకటి నాలుగు నెలలు ఖాళీగా ఉంది, అందువల్ల ఖర్చు తక్కువ కనబడింది. ఆ తక్కువ అంకెకు ఎనిమిది శాతం కలిపితే ఈ ఏడాది మ్యాథ్స్ టీచర్‌కు ఎనిమిది నెలల జీతమే మిగులుతుంది. కాబట్టి ఒక్కో పోస్టుకు ఒక్కో వరస రాయండి. ఎవరు, ఏ జీతం, ఇంక్రిమెంట్ ఏ నెలలో, పీఎఫ్ ఎంత, రిటైర్ అయ్యేది ఎప్పుడు. ఆ వరసలన్నీ కూడితే వచ్చేదే జీతాల బడ్జెట్.

చివరి కాలమ్ గ్రాట్యుటీ. ప్రైవేటు స్కూలు టీచర్లకు గ్రాట్యుటీ వర్తిస్తుందా లేదా అన్న వాదన 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పుతో ముగిసింది. వర్తిస్తుంది. లెక్క తెలుసు కదా? ఏడాది సర్వీసుకు పదిహేను రోజుల జీతం, నెలకు 26 రోజులుగా లెక్క. చివరి మూలవేతనం, డీఏ కలిపి 26 వేలు తీసుకుంటూ ఇరవై ఏళ్లు చేసిన టీచర్ గారు రిటైర్ అయితే, ఏడాదికి 15 వేల చొప్పున మూడు లక్షలు ఇవ్వాలి. మరి పోయిన ఏడాది మీ స్కూల్లో ఎవరూ రిటైర్ కాలేదనుకోండి. పుస్తకాల్లో గ్రాట్యుటీ ఖర్చు సున్నా. సున్నాకు ఎనిమిది శాతం కలిపితే ఎంత? సున్నాయే. ఈ ఏడాది ముగ్గురు ఒకేసారి వెళ్లిపోతే తొమ్మిది లక్షలు ఎక్కడి నుంచి తెస్తారు? పోస్టుల రిజిస్టర్‌లో ఆ కాలమ్ ఉంటే ఏటా పక్కన పెడతారు. పోయిన ఏడాది మొత్తాన్నే చూస్తే అది ఎప్పటికీ కనబడదు.

ఇంకో సంగతి. ఖర్చు వెనక్కి చూస్తుంది, పిల్లలు ముందుకు నడుస్తారు. మన ట్రస్టులో ఒక స్కూల్లో ఎల్‌కేజీకి ఏటా అరవై మంది చేరేవారు, రెండు సెక్షన్లు. పక్కన కొత్త స్కూలు వచ్చింది, ఇప్పుడు ముప్పై ఎనిమిది మందే చేరుతున్నారు. ఆ ముప్పై ఎనిమిది మంది వచ్చే ఏడాది యూకేజీకి, ఆ తర్వాత ఒకటో తరగతికి వెళ్తారు. అంటే ఏటా ఒక తరగతిలో ఒక సెక్షన్ తగ్గుతూ పైకి పోతుంది. ఈ విషయం ఇప్పుడే తెలుసు, ఎవరూ దాచిపెట్టలేదు. అయినా ఇంక్రిమెంటల్ పట్టికలో ప్రతి తరగతికీ రెండు సెక్షన్లకు టీచర్లు ఉండి, వాళ్ల మీద ఎనిమిది శాతం పెరుగుతూ ఉంటుంది. అందుకే జీతాల పట్టిక కంటే ముందు నవంబరులో పిల్లల పట్టిక వేయండి. ఏ తరగతిలో ఎంతమంది, పై తరగతికి ఎంతమంది వెళ్తారు, ఎన్ని సెక్షన్లు. సెక్షన్లు తేలాక పోస్టులు, పోస్టులు తేలాక జీతాలు. ముందుగా తెలిస్తే ఎవరినీ తీసేయాల్సిన పని లేదు. ఒకరు రిటైర్ అయినప్పుడు ఆ స్థానంలో కొత్తగా తీసుకోకుండా పక్క స్కూలు నుంచి సర్దవచ్చు. ఆలస్యంగా తెలిస్తేనే అందరికీ టెన్షన్.

ఇప్పుడు ఇంక్రిమెంటల్ పద్ధతి మన ట్రస్టులకు ప్రత్యేకంగా చేసే నష్టం ఒకటి చెప్తాను. దీన్ని కాస్త జాగ్రత్తగా వినండి. మీకు పన్ను మినహాయింపు ఉండాలంటే ఆదాయంలో 85 శాతం ట్రస్టు ఉద్దేశాలకు వినియోగించాలి. లేదా ఫలానా పనికి అని చెప్పి, దానికి సంబంధించిన ఫారం వేసి, ఐదేళ్ల వరకు కూడబెట్టుకోవచ్చు. ఫిబ్రవరిలో ఆడిటర్ ఫోన్ చేసి 'సార్, డెబ్బై తొమ్మిది శాతమే అయింది' అంటారు. అప్పుడు ఏం జరుగుతుంది? మార్చిలో పెయింటింగ్ వేయిస్తారు, బెంచీలు కొంటారు, కంప్యూటర్లు కొంటారు. అవసరమైనవే కావచ్చు. కానీ తర్వాతి బడ్జెట్ వేసేటప్పుడు అకౌంటెంట్ గారు అవే అంకెలు తీసుకుని ఎనిమిది శాతం కలుపుతారు. ఒక్కసారి చేసిన ఖర్చు ఏటా వచ్చే ఖర్చుగా స్థిరపడిపోతుంది. మళ్లీ మార్చి, మళ్లీ అదే. మూడు నాలుగేళ్లలో రిపేర్లు, ఫర్నిచర్ పద్దులు ఎందుకు ఉబ్బిపోయాయో ఎవరికీ అర్థం కాదు. మీ ట్రస్టులో ఇది ఉందో లేదో తెలుసుకోవాలంటే నెలవారీ ఖర్చు తీసి చూడండి. ఏ పద్దులో అయినా మార్చి నెల ఖర్చు మిగతా నెలల సగటు కంటే మూడు రెట్లు ఉంటే, ఆ పద్దు మీద శాతం కలపొద్దు. అందులోంచి ఒక్కసారి ఖర్చులు తీసేసి, మిగిలినదాన్నే ఆధారంగా తీసుకోండి. కూడబెట్టుకునే దారి చట్టంలోనే ఉంది, దాన్ని వాడుకోవచ్చు. మార్చిలో హడావిడిగా ఖర్చు పెట్టాలన్న నియమం ఎక్కడా లేదు.

బస్సుల లెక్క

ఇక బస్సులకు వద్దాం. ఇక్కడ ఇంక్రిమెంటల్ పద్ధతి పనికిరాదు. ఇక్కడ కావాల్సింది యాక్టివిటీ బేస్డ్ పద్ధతి. 1980లలో హార్వర్డ్‌లో రాబర్ట్ కాప్లాన్, రాబిన్ కూపర్ అనే ఇద్దరు దీన్ని ఫ్యాక్టరీల కోసం అభివృద్ధి చేశారు. వాళ్లు అడిగిన ప్రశ్న చాలా మామూలుది. ఈ ఖర్చు దేన్నిబట్టి పెరుగుతోంది, దేన్నిబట్టి తగ్గుతోంది? పద్దు పేరు కాదు, ఆ ఖర్చును కదిలించేది ఏమిటో పట్టుకోవాలి.

స్కూలు బస్సు ఖర్చును కదిలించేవి రెండే. ఒకటి, బస్సు ఉండటం. తిరిగినా తిరగకపోయినా డ్రైవర్ జీతం, అటెండర్ జీతం, ఇన్సూరెన్స్, టాక్స్, ఫిట్‌నెస్, ఇంకా పాతబడ్డాక కొత్త బస్సు కొనడానికి పెట్టుకోవాల్సిన డబ్బు. రెండోది కిలోమీటర్లు. డీజిల్, టైర్లు, రిపేర్లు. మన ఊహా ట్రస్టులో మొదటిది బస్సుకు ఏడాదికి ఆరు లక్షల ముప్పై వేలు అనుకుందాం. ఇందులో జీతాలు మూడు లక్షల ముప్పై వేలు, ఇన్సూరెన్స్ వగైరా లక్ష, కొత్త బస్సు కోసం రెండు లక్షలు. రెండోది కిలోమీటరుకు పాతిక రూపాయలు. స్కూలు నడిచేది 220 రోజులు.

కొత్త బస్సు కోసం రెండు లక్షలు ఎందుకు అంటున్నారు కదా, మేడమ్ గారు? మంచి ప్రశ్న. బస్సు కొన్న ఏడాదే దాని ధర మొత్తాన్ని పన్ను లెక్కలో వినియోగంగా చూపిస్తాం. అలా చూపించాక తరుగుదల మళ్లీ చూపకూడదు. అందుకని పన్ను లెక్క చేసే పట్టికలో ఆ బస్సు అరుగుతున్నట్టే కనబడదు. పన్నెండేళ్ల తర్వాత ఇరవై నాలుగు లక్షలు కావాల్సి వచ్చినప్పుడే గుర్తొస్తుంది. పన్ను లెక్క పన్ను లెక్కే, బడ్జెట్ లెక్క వేరే. బడ్జెట్‌లో అది ఉండి తీరాలి.

ఇప్పుడు రెండు రూట్లు చూడండి. టౌన్ రూటు, రోజుకు ముప్పై కిలోమీటర్లు, 52 మంది పిల్లలు. పల్లె రూటు, రోజుకు వంద కిలోమీటర్లు, 28 మంది పిల్లలు. టౌన్ బస్సు ఏడాదికి 6,600 కిలోమీటర్లు తిరుగుతుంది, లక్షా అరవై ఐదు వేలు. దానికి ఆరు లక్షల ముప్పై వేలు కలిపితే ఏడు లక్షల తొంభై ఐదు వేలు. పిల్లవాడికి సుమారు 15,300. పల్లె బస్సు 22,000 కిలోమీటర్లు, ఐదున్నర లక్షలు. మొత్తం పదకొండు లక్షల ఎనభై వేలు. పిల్లవాడికి సుమారు 42,100. రెండు రూట్లకూ మనం వసూలు చేస్తున్నది ఒకటే, పద్దెనిమిది వేలు.

ఇంక్రిమెంటల్ బడ్జెట్‌లో ఇది కనబడిందా? అక్కడ 'రవాణా' అని ఒక్క వరస ఉంది. ఇరవై బస్సులూ ఆ వరసలో కలిసిపోయాయి. డీజిల్ ధర పెరిగింది కాబట్టి పది శాతం కలపండి అంటాం, అక్కడితో అయిపోతుంది.

ఇప్పుడు మీలో చాలామంది మనసులో ఉన్న మాట నాకు తెలుసు. 'అయితే ఆ పల్లె రూటు తీసేద్దాం.' ఆగండి. యాక్టివిటీ లెక్క చూసి జనం ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఆ లెక్క ఖర్చు ఎంతో చెప్పింది, ఆపితే ఎంత మిగులుతుందో చెప్పలేదు. ఆ రెండూ వేరు. రూటు ఆపితే డీజిల్, టైర్ల ఖర్చు ఐదున్నర లక్షలు మిగులుతుంది. డ్రైవర్, అటెండర్ జీతాలు, ఇన్సూరెన్స్ మిగులుతాయి. మొత్తం తొమ్మిది లక్షల ఎనభై వేలు. కొత్త బస్సు కోసం పెట్టే రెండు లక్షలను ఈ ఏడాది మిగులుగా లెక్కపెట్టకండి, షెడ్డులో నిలబెట్టినా బస్సు పాతబడుతూనే ఉంటుంది. మరి పోయేది ఎంత? బస్సు ఫీజు 28 మందిది, ఐదు లక్షల నాలుగు వేలు. దాన్ని తీసేస్తే నికరంగా మిగిలేది నాలుగు లక్షల డెబ్బై ఆరు వేలు. అయితే బస్సు లేకపోతే పిల్లలు స్కూలే మానేస్తారు. ఒక్కో పిల్లవాడి స్కూలు ఫీజు 34 వేలు అనుకుంటే, పద్నాలుగు మంది మానేశారంటే ఆ మిగులు మొత్తం పోయినట్టే. పదిహేనో పిల్లవాడి నుంచి ట్రస్టుకు నష్టం. మరి ఆ పిల్లలు వెళ్లిపోతే టీచర్ల ఖర్చు తగ్గదా? తగ్గదు. 28 మంది ఎల్‌కేజీ నుంచి పదో తరగతి దాకా చెదిరి ఉన్నారు, ఒక్క సెక్షన్ కూడా మూతపడదు. ఆ పల్లెల నుంచి వేరే దారి ఉందా, ఆర్టీసీ బస్సు స్కూలు టైముకు వస్తుందా అని కనుక్కోకుండా ఆ రూటు ముట్టుకోకండి. ఇది డబ్బు సంగతి మాత్రమే. ఆ 28 మందిలో ఆడపిల్లలు ఎంతమంది, బస్సు ఆగితే వాళ్లను ఏం చేస్తారు అన్నది కూడా ట్రస్టీలు బల్ల మీద పెట్టి మాట్లాడుకోవాలి. మన ట్రస్టు డీడ్‌లో రాసుకున్న ఉద్దేశం విద్య కదా.

మరి ఈ లెక్కతో ఉపయోగం ఏమిటి? ఉపయోగం టౌన్ రూటులో ఉంది. చూడండి, టౌన్‌లో కిలోమీటర్ల ఖర్చు చాలా తక్కువ, బస్సు ఉండటమే ఖర్చు. అలాంటప్పుడు చిన్న పిల్లలకు, పెద్ద పిల్లలకు స్కూలు టైము ఓ నలభై నిమిషాలు తేడాగా పెట్టి అదే బస్సుతో రెండు ట్రిప్పులు వేయిస్తే, రెండు టౌన్ రూట్లు ఒక్క బస్సుతో నడుస్తాయి. ఆ బస్సుల్లో ఒకటి పాతబడినప్పుడు దాని బదులు కొత్తది కొనాల్సిన పని ఉండదు. పల్లె రూటులో దీన్ని తిరగేసి ఆలోచించాలి. అక్కడ కిలోమీటర్లే ఖర్చు కాబట్టి దారి మార్చాలి, ఖాళీగా వెనక్కి రాకుండా చూడాలి, రాత్రికి బస్సును చివరి ఊళ్లోనే డ్రైవర్ ఇంటి దగ్గర ఆపితే పొద్దున ఖాళీ ట్రిప్పు, సాయంత్రం ఖాళీ ట్రిప్పు రెండూ తప్పుతాయి. ఒకే 'రవాణా' పద్దు, రెండు రకాల మందు. విడదీస్తేనే తెలుస్తుంది.

దీనికి కావాల్సింది సాఫ్ట్‌వేర్ కాదు, లాగ్‌బుక్. పొద్దున మీటరు రీడింగు, సాయంత్రం రీడింగు, ఎక్కిన పిల్లల సంఖ్య, డీజిల్ పోయించిన లీటర్లు. రెండు నెలలు నిజాయితీగా రాస్తే చాలు. హాస్టలు ఉన్నవాళ్లు మెస్‌కు కూడా ఇలాగే చేయొచ్చు, అక్కడ ఖర్చును కదిలించేది తిన్న భోజనాల సంఖ్య. అంతకు మించి యాక్టివిటీ పద్ధతిని విస్తరించవద్దని నా సలహా. ప్రిన్సిపాల్ గారి సమయంలో ఎంత శాతం అడ్మిషన్లకు, ఎంత క్రమశిక్షణకు అని లెక్కలు కట్టించకండి. అది కొలవడానికి పెట్టే శ్రమ చాలా ఎక్కువ, దానితో మారే నిర్ణయం ఒక్కటీ ఉండదు. నాలుగో అంకె దాకా లెక్క కట్టాలనే ఆరాటంలో ఆ ఆరుగురు అకౌంట్స్ మనుషులు అలిసిపోతారు.

సున్నా నుంచి మొదలుపెట్టడం

మూడోది జీరో బేస్డ్. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అనే కంపెనీలో పీటర్ పైర్ దీన్ని అమలు చేసి 1970లో దాని గురించి వ్యాసం రాశారు. అది చదివిన జార్జియా రాష్ట్ర గవర్నర్ జిమ్మీ కార్టర్ తన రాష్ట్రంలో పెట్టించారు. ఆయన అధ్యక్షుడయ్యాక 1977లో అమెరికా కేంద్ర ప్రభుత్వమంతటా పెట్టించారు. 1981లో రేగన్ ప్రభుత్వం దాన్ని ఆపేసింది. మన దేశంలో కూడా 1980ల మధ్యలో కేంద్రం తన శాఖలను ఈ పద్ధతి పాటించమంది. అదీ పెద్దగా నిలబడలేదు. ఎందుకు నిలబడలేదు? కాగితాల భారం. ప్రతి పనికీ ఒక ప్రతిపాదన, దానికి కనీస స్థాయి, ఇప్పుడున్న స్థాయి, పెంచిన స్థాయి, ఒక్కోదానికి ఖర్చు, ఫలితం. తర్వాత అన్నింటినీ వరసక్రమంలో పెట్టాలి. మన ట్రస్టులో స్కూలుకు నలభై ప్రతిపాదనలు వేసుకున్నా ఐదు స్కూళ్లకు రెండు వందలు. ఆదివారం కూర్చునే ట్రస్టీలు రెండు వందలు చదువుతారా? పదిహేనో కాగితం తర్వాత అందరూ సంతకాలు పెట్టేస్తారు. అప్పుడది జీరో బేస్డ్ పేరుతో జరిగే ఇంక్రిమెంటల్.

అందుకని మొత్తం పదహారు కోట్లకు దీన్ని వాడొద్దు. ఐచ్ఛికమైన ఖర్చులకు, అది కూడా ఏడాదికి నాలుగో వంతు పద్దులకు వాడండి. ఈ ఏడాది స్మార్ట్ క్లాసులు, ప్రకటనలు. వచ్చే ఏడాది వార్షికోత్సవాలు, ప్రింటింగ్. ఆపై ఏడాది హెడ్డాఫీసు. నాలుగేళ్లకు అన్నీ ఒక చుట్టు తిరుగుతాయి.

ఒకటి చేసి చూద్దాం. అరవై గదుల్లో స్మార్ట్ బోర్డులు, గదికి ఏడాది కంటెంట్ లైసెన్సు పద్దెనిమిది వేలు, మొత్తం పది లక్షల ఎనభై వేలు. సున్నా నుంచి అడగాల్సిన ప్రశ్న ఇదీ: జూన్ 12న స్కూలు తెరిచేనాటికి ఈ లైసెన్సు లేకపోతే ఏ క్లాసులో ఏ పాఠం ఆగుతుంది? వాడకం రికార్డు బోర్డులోనే ఉంటుంది, తీయించండి. ప్రాథమిక తరగతుల 24 గదుల్లో రోజూ వాడుతున్నారని, ఆరు నుంచి ఎనిమిది వరకు 20 గదుల్లో సైన్సుకు మాత్రం వాడుతున్నారని, తొమ్మిది, పది తరగతుల 16 గదుల్లో దసరా తర్వాత తెరవనే లేదని తేలిందనుకోండి. అప్పుడు కనీస స్థాయి 24 గదులు, నాలుగు లక్షల ముప్పై రెండు వేలు. తర్వాతి స్థాయి ఇంకో మూడు లక్షల అరవై వేలు. మిగిలిన రెండు లక్షల ఎనభై ఎనిమిది వేలతో సైన్సు ల్యాబ్ పరికరాలు కొనడం మేలా అని పదో తరగతి టీచర్లనే అడగండి. వాళ్ల జవాబు వరసలో పెట్టండి.

ఈ పద్ధతిలో ఒక మోసం జరుగుతుంది, కనిపెట్టాలి. ప్రిన్సిపాల్‌ను ప్రాధాన్య క్రమం రాయమంటే, ఎవరూ కోత పెట్టలేనివాటిని కావాలని అట్టడుగున పెడతారు. ఆడపిల్లల టాయిలెట్ల శుభ్రత ముప్పై ఎనిమిదో స్థానంలో, వార్షికోత్సవం వేదిక ఆరో స్థానంలో కనబడితే అర్థం చేసుకోండి. ట్రస్టీలు గీత ముప్పై దగ్గర గీసినా టాయిలెట్ల డబ్బు మళ్లీ ఇస్తారని వాళ్లకు తెలుసు. దీనికి విరుగుడు ఉంది. తాగునీరు, టాయిలెట్లు, అగ్నిమాపక ధ్రువీకరణ, బస్సు ఫిట్‌నెస్, వాచ్‌మన్, వీటిని అసలు పోటీలోకి రానివ్వకండి. వీటికి ముందే డబ్బు కేటాయించి, మిగతావాటినే వరసలో పెట్టించండి.

ఇందాక ఒక సార్ అడిగారు, ఒక్కో పద్దుకు ఒక్కో పద్ధతైతే చివరికి ఆడిటర్‌కు, ప్రభుత్వానికి ఏ రూపంలో చూపించాలని. మన రాష్ట్రాల్లో 1994 జనవరి 1 నాటి జీవో నంబర్ 1 ఫీజు డబ్బును ఎలా పంచాలో చెప్పింది. సగం టీచర్ల జీతాలకు, పదిహేను శాతం పీఎఫ్, గ్రాట్యుటీ వంటివాటికి, పదిహేను శాతం నిర్వహణకు, పదిహేను శాతం అభివృద్ధికి, ఐదు శాతానికి మించకుండా యాజమాన్యానికి. మీరు లోపల ఏ పద్ధతి వాడినా ప్రతి ఖర్చు వరసకూ ఈ పద్దుల్లో ఏదో ఒకదాని కోడ్ పక్కన రాసి ఉంచండి. ట్యాలీలో కాస్ట్ సెంటర్ పెట్టుకుంటే రూటు వారీగా, స్కూలు వారీగా ఒకవైపు, పద్దుల వారీగా ఇంకోవైపు ఒకే ఎంట్రీతో వస్తుంది.

ఇక క్యాలెండర్. అక్టోబరులో ఆరు నెలల అసలు ఖర్చులు తీయండి, ఒక్కసారి ఖర్చులను వేరుచేయండి. నవంబరులో పిల్లల పట్టిక, సెక్షన్లు. లాగ్‌బుక్కులు నవంబరు, డిసెంబరు నెలలవి వాడండి. సంక్రాంతి సెలవులకు ముందే ఆ ఏడాది వంతు వచ్చిన పద్దులకు సున్నా నుంచి ప్రతిపాదనలు తెప్పించండి. జనవరి చివరికి ఫీజు ఎంతో తేలాలి, ఎందుకంటే అడ్మిషన్లు మొదలయ్యాక ఫీజు మార్చలేం. ఫిబ్రవరిలో ట్రస్టీల ఆమోదం. ఆ ఆమోదించిన పట్టికను నెలల వారీగా విడగొట్టడం మర్చిపోవద్దు. మన ఆర్థిక సంవత్సరం ఏప్రిల్లో మొదలవుతుంది, పిల్లలు వచ్చేది జూన్‌లో. ఏప్రిల్, మే రెండు నెలల జీతాలు, మన ట్రస్టులో నెలకు ఎనభై లక్షల చొప్పున కోటీ అరవై లక్షలు, కొత్త టర్మ్ ఫీజు రాకముందే కట్టాలి. ఏడాది మొత్తంలో మిగులు చూపించే బడ్జెట్ ఉన్న ట్రస్టు కూడా మే నెలాఖరున ఓవర్‌డ్రాఫ్ట్‌కు పరుగెత్తేది ఇందుకే. కాబట్టి మార్చి 31న బ్యాంకులో కనీసం ఆ కోటీ అరవై లక్షలు ఉండాలని బడ్జెట్ మొదటి పేజీలోనే రాయండి. బకాయిల వసూలు ఆ అంకెకు తక్కువ పడేలా ఉంటే ఫిబ్రవరిలోనే తెలుస్తుంది, పెయింటింగ్ పని అప్పుడే ఆపుకోవచ్చు.